వంశచరిత్ర పదికాలాలు ఉండాలంటే

హిందూపురంలో ఓ కుటుంబం 2006లో తమ వంశచరిత్రను డీటీపీ సెంటర్లో కంపోజ్ చేయించి, పీడీఎఫ్‌గా సీడీలో దాచుకుందనుకుందాం. ఇన్నేళ్లకు ధర్మవరంలో ఉన్న అల్లుడు ఆ ఫైలు తెరిస్తే తాతగారి పేరు ఉండాల్సిన చోట ఇంగ్లిషు అక్షరాలు, వింత గుర్తులు! ఫైలు చెడిపోలేదు. ఆ రోజుల్లో డీటీపీ వాళ్లు ఎక్కువగా వాడిన అను ఫాంట్ల లాంటి వాటిలో తెలుగు అక్షరాల వెనక ఇంగ్లిషు కోడ్లు ఉంటాయి. ఫాంటు ఫైల్లో లేదు, అల్లుడిగారి కంప్యూటర్లోనూ లేదు. అదీ సంగతి.

ఇలాంటి ఇబ్బంది రాకూడదనే 2005లో పీడీఎఫ్-ఎ అనే ప్రమాణం వచ్చింది. పేజీ కనిపించడానికి కావలసినవన్నీ ఫైల్లోనే ఉండాలన్నది దాని మొదటి షరతు. కాబట్టి ఫాంటు తప్పనిసరిగా లోపల చేరాలి. పాస్‌వర్డు ఉండకూడదు. పాటలూ వీడియోలూ పనికిరావు.

అయితే ధర్మవరంలో కూర్చుని మార్చేస్తే కుదరదు. ఫాంటు లేని కంప్యూటర్లో కొన్ని సాఫ్ట్‌వేర్లు పని ఆపేస్తాయి. కొన్ని వేరే ఫాంటు తగిలించి ఊరుకుంటాయి. అప్పుడా పిచ్చిగీతలే శాశ్వతమైపోతాయి! ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్లోనే మార్చాలి. అంటే మళ్లీ హిందూపురం డీటీపీ సెంటరే గతి. అక్రోబాట్ ప్రోలో అయితే Archivable PDF అన్న ఆప్షన్‌తో సేవ్ చేస్తారు.

తర్వాత ఫైలును రీడర్లో తెరిచి, Properties లో Fonts చూడండి. ప్రతి ఫాంటు పక్కనా Embedded లేదా Embedded Subset అని ఉండాలి. పైన కనిపించే నీలం పట్టీని చూసి మురిసిపోవద్దు. ఇది పీడీఎఫ్-ఎ అని ఫైలు తనకు తాను చెప్పుకోవడమే అది. నిజమో కాదో తేల్చడానికి వెరాపీడీఎఫ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది.

ఇంత చేసినా ఒక లోటు మిగులుతుంది. పేజీ చక్కగా కనిపిస్తుంది కానీ, తాతగారి పేరు టైపు చేసి వెతికితే దొరకదు. లోపల ఉన్నవి ఇంకా ఇంగ్లిషు కోడ్లే కదా! PDF/A-1b అనే రకం హామీ ఇచ్చేది రూపానికే. వెతుకులాట కూడా కావాలంటే అసలు పేజ్‌మేకర్ ఫైల్లోని మేటరును యూనికోడ్‌లోకి మార్చి, తప్పులు దిద్ది, కొత్తగా PDF/A-2u చేయించాలి. అది ఒక్క క్లిక్కుతో అయ్యే పని కాదు.

ఇదేదో బాగుందని పెనుకొండలోని పెదనాన్నగారు డిజిటల్ సంతకం ఉన్న తమ ఇంటి ఈసీని కూడా మార్చేయమంటే మాత్రం ఆగాలి. సంతకం చేశాక ఫైలును తిరగరాస్తే ఆ సంతకం చెల్లదు. ముద్ర బొమ్మలా కనిపిస్తుందేమో కానీ పరీక్షకు నిలవదు. మార్చిన ప్రతి చూసుకోవడానికే. డౌన్‌లోడ్ చేసుకున్న అసలు ఫైలును, పేరు తప్ప మరేదీ ముట్టుకోకుండా, దాని పక్కనే ఉంచుకోవాలి.