లేబుల్ మీద 540, మేడ మీద 370

2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ పథకం మొదలైనప్పటి నుంచి ఢిల్లీ, నోయిడా, గుర్‌గ్రామ్ మేడల మీద సోలార్ ప్యానెళ్ల గురించి మాట్లాడుకోవడం పెరిగింది. పెట్టించుకున్నవారి దగ్గర తరచు వినిపించే ఫిర్యాదు ఒకటే: "540 వాట్లన్నారు, మండుటెండలో కూడా 400 రావడం లేదు." నా ఉద్దేశంలో లేబుల్ అబద్ధమాడటం లేదు. కానీ కొనేవారికి కావలసిన సంగతి మాత్రం చెప్పడం లేదు.

ఆ 540 ఫ్యాక్టరీ గదిలో కొలిచిన అంకె. అక్కడ చదరపు మీటరుకు 1000 వాట్ల కాంతి పడుతుంది, ప్యానెల్‌లోని సెల్ 25 డిగ్రీల దగ్గర ఉంటుంది. దీపం కొన్ని మిల్లీసెకన్లే వెలుగుతుంది కనుక సెల్ వేడెక్కేలోపే కొలత అయిపోతుంది. అన్ని కంపెనీల ప్యానెళ్లనూ ఒకే త్రాసులో తూచడానికి ఈ పద్ధతి అవసరమే.

మేడ మీద మాత్రం అంత ఎండా, అంత చల్లని సెల్లూ ఒకేసారి దొరకవు. 1000 వాట్ల కాంతిలో సెల్ చుట్టూ ఉన్న గాలి కంటే దాదాపు 30 డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుంది. అది 25 దగ్గర ఆగాలంటే గాలి సున్నాకు దిగువన ఉండాలి. ఢిల్లీలో అలాంటి మధ్యాహ్నం ఎక్కడుంది?

మే నెల లెక్క చూద్దాం. కాంతి 800 వాట్లు, గాలి 42 డిగ్రీలు అనుకుందాం. కాంతి తగ్గినందువల్లే 540 కాస్తా 432 అవుతుంది. సెల్ 67 డిగ్రీలకు చేరుతుంది, అంటే పరీక్ష గది కంటే 42 డిగ్రీలు ఎక్కువ. డిగ్రీకి 0.35 శాతం చొప్పున దాదాపు 15 శాతం పోతుంది. మిగిలేది సుమారు 370 వాట్లు. దుమ్ము, ఇన్వర్టర్ నష్టాలు ఇంకా లెక్కలోకి రాలేదు. అదే కాంతికి ఫిబ్రవరిలో గాలి 20 డిగ్రీలుంటే 400 వాట్లు వస్తాయి. ఎండ మండినంత మాత్రాన కరెంటు పెరగదన్నమాట.

ఈ 800 వాట్లు, 20 డిగ్రీల పరిస్థితికి వచ్చే అంకె కంపెనీ ఇచ్చే వివరాల పత్రంలో సాధారణంగా రెండో పట్టికలో ఉంటుంది. దాన్ని లేబుల్ మీద 540 పక్కనే, అంతే పెద్ద అక్షరాల్లో అచ్చువేయాలని నేనంటాను. అప్పుడు మే నెలలో 370 చూసి ఎవరూ కంగారుపడరు. శుభ్రంగా కడిగిన ప్యానెల్ చల్లని, తేటయిన ఫిబ్రవరి మధ్యాహ్నం కూడా 300 దాటకపోతే మాత్రం నీడో, వైరింగ్ లోపమో ఉందని అనుమానించి మెకానిక్‌ను పిలుస్తారు. ఇప్పుడున్న ఒక్క అంకెతో ఈ తేడా తెలిసే దారి లేదు.