వెల్డింగు ఆగాక ఒక గంట

ప్రొద్దుటూరులోని ఒక పత్తి మిల్లులో యంత్రం విరిగింది, వెల్డింగు చేయాలి అనుకోండి. ముందుగా బాధ్యుడైన అధికారి స్వయంగా ఆ చోటు చూడాలి. నిప్పురవ్వలు ఎగిరిపడే 11 మీటర్ల మేర పత్తిని, నూనెగుడ్డలను తీయించాలి; కదల్చలేనివాటిని మంట అంటుకోని దుప్పటితో కప్పించాలి. ఆ తరువాతే అనుమతి పత్రంపై సంతకం చేయాలి. అది ఆ పనికి, ఆ పూటకే చెల్లుతుంది.

వెల్డింగు ఆగగానే పత్రం పని తీరిందనుకోవడం పెద్ద పొరపాటు. దూదిలో దూరిన రవ్వ మంట కనబడకుండా లోలోపలే రాజుకుంటుంది. అందరూ భోజనానికి వెళ్ళాక భగ్గుమంటుంది. అందుచేత పని ముగిశాక కూడా గంటసేపు ఒక మనిషి నీళ్ళ బకెట్లతో అక్కడే ఉండి కమురువాసనను, సన్నని పొగను కనిపెట్టాలి. అంతవరకు ఆ పత్రాన్ని మూయరాదు. ఆ గంట కూలి దండుగంటారా? మీరే చెప్పండి!