పది నిమిషాల బేరం, పదకొండు రూపాయల మిగులు

ముందు షట్టర్ సగం దించి ఉంటుంది. పేరు బోర్డు ఉండదు, కొనేవాళ్లెవరూ లోపలికి రారు. బయట వరుసగా బైకులు, లోపల ఇనుప అరల మధ్య బుట్టలు పట్టుకుని పరుగెత్తే పిల్లలు. హైదరాబాద్ కాలనీల్లో ఇప్పుడు అందరికీ తెలిసిన దృశ్యమిది. దీన్నే డార్క్ స్టోర్ అంటున్నారు. పెద్ద కంపెనీలు తమ డబ్బుతో నడుపుకుంటే అది వాళ్ల తలనొప్పి. కానీ రిటైర్మెంటు సొమ్మో, అమెరికాలో ఉన్న కొడుకు పంపిన డబ్బో, ఇల్లు కుదువ పెట్టి తెచ్చిన అప్పో పెట్టి ఇలాంటి దుకాణాన్ని భాగస్వామ్యానికి తీసుకునే మధ్యతరగతి వాళ్లూ ఉన్నారు. వాళ్లకు చెప్పే మాట ఒకటే: ‘ఆర్డర్లు పెరిగితే అదే సర్దుకుంటుంది.’ ఈ మాటను నమ్మే ముందు కాగితం మీద లెక్క వేసి చూడాలి.

ఒక మాదిరి లెక్క చూద్దాం. కాలనీ లోపలి వీధిలో రెండు వేల చదరపు అడుగుల జాగా, అడుగుకు 60 రూపాయల చొప్పున అద్దె 1,20,000. రెండు షిఫ్టులకు కలిపి సరుకు ఏరే పికర్లు పది మంది, సరుకు దించుకుని అరల్లో సర్దే వాళ్లు ఇద్దరు, ఒక మేనేజరు, జీతాలు 2,20,000. ఫ్రీజర్లు, ఏసీ, జనరేటరు, ఇంటర్నెట్ వగైరా 80,000. మొత్తం నెలకు 4,20,000, అంటే రోజుకు 14,000. ఒక్క ఆర్డరు రాకపోయినా ఈ డబ్బు పోతుంది.

ఇప్పుడు ఒక ఆర్డరు సంగతి. సగటు బిల్లు 350 రూపాయలు అనుకుందాం. పన్ను పోగా సరుకు మీద మిగిలేది 18 శాతం, అంటే 63 రూపాయలు. కస్టమర్ ఇచ్చే డెలివరీ ఛార్జీ సగటున పది. వచ్చింది 73. ఇందులో రైడర్‌కు 40, సంచీకి 5, చెల్లింపుల ఖర్చు 3, పాడైపోయిన సరుకుకు 10, తప్పు వస్తువు వెళ్లినందుకో గుడ్లు పగిలినందుకో వెనక్కిచ్చేది 4. పోయింది 62. చేతిలో మిగిలింది పదకొండు రూపాయలు.

రోజుకు 14,000 ఖర్చును ఈ పదకొండుతో పూడ్చాలంటే దాదాపు 1,273 ఆర్డర్లు రావాలి. నాలుగు వందలే వస్తే రోజుకు 9,600 నష్టం, నెలకు 2,88,000. పోనీ, ఆర్డర్లు నిజంగానే పన్నెండు వందలు దాటాయనుకుందాం. పది మంది పికర్లు సరిపోరు. ఇంకో ఆరుగురిని పెట్టుకుంటే రోజు ఖర్చు 17,200 అవుతుంది. అప్పుడు కావలసినవి 1,560కి పైనే. గీత మళ్లీ ముందుకు జరుగుతుంది.

ఇదంతా కూపన్ లేనప్పటి మాట. కొత్త కస్టమర్ల కోసం సగటున ఇరవై రూపాయలు తగ్గించి, ఆ భారం దుకాణం మీద పడితే పదకొండు కాస్తా మైనస్ తొమ్మిది అవుతుంది. అక్కడి నుంచి ప్రతి కొత్త ఆర్డరూ కొత్త నష్టమే. నాలుగు వందల ఆర్డర్లకు రోజు నష్టం 17,600 అయితే, వెయ్యికి 23,000. యాప్‌లో గ్రాఫు పైకి పోతుంటే యజమాని మిఠాయిలు పంచుతాడు. బ్యాంకు ఖాతా చూసేసరికి నెల దాటుతుంది.

అద్దె, జీతాలు ఆర్డర్లు పెరిగే కొద్దీ పలచబడతాయి, నిజమే. రైడర్ ఖర్చు అలా పలచబడదు. ప్రతి ఇంటికీ ఒక మనిషి వెళ్లాల్సిందే. 40 అనేది కూడా స్థిరం కాదు. గంటకు 100 గ్యారంటీ ఇచ్చిన రైడర్ సాయంత్రం రద్దీలో రెండు మూడు ఆర్డర్లు ఇస్తే ఒక్కోదానికి సుమారు 40 పడుతుంది. మధ్యాహ్నం మూడింటికి అదే రైడర్ చెట్టు కింద కూర్చుని గంటకు ఒక్కటే ఇస్తే వంద పడుతుంది. రెండు ఆర్డర్లు కలిపి పంపితే ఖర్చు దిగుతుంది గానీ, పది నిమిషాల మాట తప్పుతుంది. 2020 సామాజిక భద్రతా కోడ్ ప్రకారం గిగ్ కార్మికుల నిధికి యాప్ సంస్థలు తమ వార్షిక టర్నోవరులో ఒకటి నుంచి రెండు శాతం, కార్మికులకు చెల్లించేదానిలో 5 శాతానికి మించకుండా జమచేయాలి. న్యాయమైన చట్టం. కానీ ఆ భారం దుకాణం మీదికి జారితే 40కి రెండు రూపాయల దాకా పడుతుంది. మిగులు పదకొండే అయినప్పుడు రెండు రూపాయలు కూడా పెద్ద మొత్తమే.

ఇక తరుగు. కొత్తిమీర కట్టలు ఇరవై తెచ్చారు, కట్ట ఎనిమిది రూపాయలు. అమ్మేది పదిహేనుకు. పదమూడు అమ్ముడయ్యాయి, ఏడు వాడిపోయాయి. బిల్లింగ్ తెర మీద లాభం 91 రూపాయలు కనబడుతుంది. పారేసిన ఏడు కట్టల ఖరీదు 56 తీసేస్తే నిజంగా మిగిలింది 35. మూలనున్న కిరాణా కొట్టు ఆసామి సాయంత్రానికి ఆ కట్టల్ని ఐదుకో ఆరుకో ఇచ్చేస్తాడు, లేదా కూరగాయలతో కొసరు వేస్తాడు. డార్క్ స్టోర్‌కు ఆ వెసులుబాటు లేదు. వాడిన కట్ట పంపితే డబ్బు వెనక్కి ఇవ్వాలి. దీనికి తోడు గడువు దాటిన పెరుగు, కరెంటు పోయి కరిగిన ఐస్‌క్రీము, లెక్కలో ఉండి అరలో లేని చాక్లెట్లు. నెలాఖరున ఒక్కసారి సరుకు లెక్కబెట్టే చోట ఈ నష్టం నెలంతా లాభంలా కనబడుతుంది. రోజూ ఓ యాభై వస్తువులైనా లెక్కబెట్టని దుకాణం చూపించే మార్జిన్‌ను నమ్మకూడదు.

లెక్కను నిజంగా మార్చేది ఆర్డర్ల సంఖ్య కాదు, బిల్లు సైజు. పై దుకాణంలోనే సగటు బిల్లు 500 అయితే వచ్చేది 100, పోయేది 69, మిగిలేది 31. అప్పుడు నాలుగు వందల యాభై రెండు ఆర్డర్లతో గట్టెక్కుతుంది. అయితే జనం ఈ యాప్‌లను తెరిచేది నెల సరుకుకు కాదు, పొయ్యి మీద పాలు విరిగినప్పుడు. రెండు పాల ప్యాకెట్లు, ఒక కొత్తిమీర కట్ట. వాటి మీద వచ్చేది పది రూపాయలు, రైడర్‌కు పోయేది నలభై. చిన్న బిల్లుకు ఛార్జీ పెంచితే ఆ మనిషి చెప్పులేసుకుని వీధి చివరికి నడుస్తాడు.

పెద్ద పెట్టుబడి ఉన్నవాళ్లనే ఈ లెక్క వదల్లేదు. బెంగళూరులో పుట్టిన డన్జోలో 2022 జనవరిలో రిలయన్స్ రిటైల్ 20 కోట్ల డాలర్లు పెట్టింది. 2025 జనవరికి ఆ యాప్ మూతపడింది. ఇస్తాంబుల్ సంస్థ గెటిర్ జర్మనీకి చెందిన గొరిల్లాస్‌ను 2022 డిసెంబరులో కొనేసింది. 2024లో బ్రిటన్, జర్మనీ, నెదర్లాండ్స్, అమెరికాల నుంచి వెళ్లిపోతున్నట్టు ప్రకటించింది.

సొంత డబ్బు పెట్టేవాళ్లు సంతకానికి ముందు కనీసం ఈ నాలుగు సంగతులు కాగితం మీద రాయించుకోవాలి. కూపన్ సొమ్ము ఎవరు భరిస్తారు? పాడైన సరుకు ఎవరి ఖాతాలో పడుతుంది? కిలోమీటరు దూరంలో అదే యాప్ ఇంకో స్టోర్ తెరిస్తే మీ ఆర్డర్లు ఏమవుతాయి? కస్టమర్ యాప్ మనిషి, మీ మనిషి కాదు. ఆ ఆర్డర్లను రాత్రికి రాత్రి పక్క స్టోర్‌కు మళ్లించడం యాప్‌కు కష్టమేమీ కాదు. నాలుగోది ఇంటి యజమానిని అడగాల్సింది: లాకిన్ ఎన్నేళ్లు? యాప్ వాళ్లు మూడు నెలల నోటీసుతో తప్పుకునే ఒప్పందం మీకుండి, అద్దె ఒప్పందంలో మూడేళ్ల లాకిన్ ఉంటే, షట్టర్ పూర్తిగా దించేశాక కూడా ప్రతి నెలా ఐదో తారీఖుకు ఆ 1,20,000 మీరే కట్టాలి.