మూడు ముక్కల రాతకు ముద్ర వేయకండి!

స్టీలు సామాను ఉన్న ప్రతి ఇల్లాలూ ఇంట్లో ఒక చిన్న శాసనశాఖ నడుపుతున్నట్టే లెక్క. నమ్మరా? అటక మీంచి ఒక గిన్నె దించి దాని అంచు చూడండి. ‘వెంకటసుబ్బమ్మ’ అని పేరు వేయించి ఉంటుంది. ఇప్పుడు చెప్పండి. ఆ వెంకటసుబ్బమ్మ ఎవరు? గిన్నె కొనుక్కున్న ఆవిడా? పెళ్లిలో చదివించిన మేనత్తా? లేక పోయినావిడ పేరు మీద పిల్లలు పంచిన గిన్నెల్లో ఇదొకటా? మొదటిదైతే ఆ రాత హక్కు. రెండోదైతే కానుక. మూడోదైతే జ్ఞాపకం. మూడూ మూడు జాతులు. గిన్నె మీద ఉన్నది మాత్రం ఒకటే మాట!

మీరు టక్కున జవాబు చెప్పారనుకోండి, అది గిన్నె చెప్పిన జవాబు కాదు. ఆ ఇల్లు మీకు తెలుసు కాబట్టి వచ్చిన జవాబు. అదే గిన్నెను పాతసామాన్ల వాడికి వేసి, వాడి దుకాణంలో చూసి చెప్పమంటే మీరూ నేనూ ఒక్కలాగే నోరు వెళ్లబెడతాం.

ఇంత తేలికైన సంగతి రాళ్ల దగ్గరికి వచ్చేసరికి మన పెద్దమనుషులకు ఎందుకు తట్టదో నాకు అర్థం కాదు. గుడి వెనకాల ఎక్కడో రెండు మూడు పంక్తుల రాయి కనబడుతుంది. మర్నాడే పేపర్లో ‘ఫలానా శతాబ్దపు తెలుగు దానశాసనం’ అని పడుతుంది. భాష తేలిపోయింది, కాలం తేలిపోయింది, అదేమిటో కూడా తేలిపోయింది. చిన్న రాత కదా, సులువుగానే తేలుతుందని వీళ్ల ధీమా. కాదండీ! రాత ఎంత చిన్నదైతే అంత తేలదు. ఎందుకు తేలదో మూడు రాళ్లు చూపించి చెబుతాను. ఆ తర్వాత మీరే తీర్పు చెప్పండి.

మొదటిది భాష సంగతి. అమరావతి స్తూపం దగ్గర, సుమారు రెండు వేల ఏళ్ల కిందటి రాతి మీద ‘నాగబు’ అనే మాట ఉంది. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు దాన్ని ఎత్తి చూపించాక, తెలుగులో మనకు దొరికిన మొదటి మాట అదేనని బడిపిల్లలు కూడా అప్పజెబుతున్నారు. శాస్త్రిగారి పాండిత్యానికి నేను వెయ్యి దండాలు పెడతాను. కానీ ఆ మాటను ఒకసారి విడదీసి చూడండి. ‘నాగ’ తెలుగు మాట కాదు. సంస్కృతంలోనూ ఉంది, ప్రాకృతంలోనూ ఉంది. ఇక తెలుగుదని చెప్పడానికి మిగిలింది చివరి ‘బు’. తర్వాతి కాలంలో వచ్చిన ‘వృక్షంబు’, ‘పుష్పంబు’ల్లోని ప్రత్యయానికి అది పూర్వరూపం అన్నది వాదం. కావచ్చు, వాదం బాగానే ఉంది. అయితే ఆ చోట రాత అక్కడితో ఆగిందా, లేక రాయి పగిలి తర్వాతి అక్షరాలు పోయాయా? అమరావతి బౌద్ధుల ఊరు. పేర్లలో ‘బుద్ధ’, ‘బుధి’ చేరడం అక్కడ మామూలు. ‘నాగబుధి’ అనే మనిషి పేరులో మొదటి ముక్క అయితే అది తెలుగు మాటే కాదు, ప్రాకృతపు పేరు.

చూశారా, రెండు వేల ఏళ్ల భాషాచరిత్ర ఒక్క ‘బు’ మీద నిలబడింది! ఇందులో ఎవరి తప్పూ లేదు. ఒక రాత ఏ భాషదో చెప్పేవి పేర్లు కావు, విభక్తులు, క్రియలు. పేరుకు భాష ఉండదు. మీ గిన్నె మీది ‘లక్ష్మి’ తెలుగావిడో, కన్నడావిడో, తమిళావిడో ఆ పేరు చెప్పదు. ‘లక్ష్మికి అత్తగారు ఇచ్చినది’ అని ఉంటే ఆ ‘కి’, ఆ ‘ఇచ్చినది’ చెబుతాయి. చిన్న రాతల్లో తరచు పేర్లే ఉంటాయి. భాషను పట్టిచ్చే తోకలు ఒకటో రెండో ఉంటాయి, లేదా అసలే ఉండవు.

రెండోది కాలం సంగతి. దీనికి అమరావతి దాకా పోనక్కర్లేదు. మా కొండాపురంలో రైలెక్కి ముద్దనూరు దాటితే ఎర్రగుంట్ల వస్తుంది. అక్కడికి దగ్గర్లోనే కలమళ్ల. చెన్నకేశవ సిద్ధేశ్వరాలయ ఆవరణలోని రాతి మీద రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుని పేరుతో చెక్కిన శాసనం ఉంది. మనకు దొరికిన తెలుగు శాసనాల్లో మొదటిదని దానికి పేరు. ఏ పుస్తకం తెరిచినా ‘క్రీ.శ. 575’ అని ఉంటుంది. నా కొచ్చెను ఒకటే. ఆ 575 రాతి మీద ఉందా?

లేదు. శకవర్షం లేదు. ఉన్న కొద్దిపాటి రాత కూడా అరిగిపోయింది. మరి ఆ అంకె ఎక్కడిది? మాలెపాడులో దొరికిన పుణ్యకుమారుడి రాగిరేకులు ఉన్నాయి. అవి పెద్ద రాత. వంశం మొత్తం చెబుతాయి. నందివర్మ, ఆయన కొడుకుల్లో ఒకడు ధనంజయవర్మ, అతని కొడుకు మహేంద్రవిక్రముడు, అతని కొడుకు పుణ్యకుమారుడు. కలమళ్ల ధనంజయుడూ ఈ ధనంజయవర్మా ఒకరేనని అనుకుని, పుణ్యకుమారుడి కాలాన్ని అంచనా కట్టి, తరానికి ఇన్నేళ్లని వెనక్కి లెక్కవేస్తే ఆరో శతాబ్దం చివరిపాదం వస్తుంది. తీరా చూస్తే ఆ రాగిరేకుల్లోనూ శకవర్షం లేదు. ఒక అంచనా మీద ఇంకో అంచనా. పండితులు అందుకే ‘సుమారు’ అని రాశారు. పేపర్ల వాళ్లు ఆ ‘సుమారు’ను కరివేపాకులా ఏరి పక్కన పెట్టారు.

‘అక్షరాల వంపులు చూసి కాలం చెప్పవచ్చు కదా’ అంటారు. చెప్పవచ్చు, కానీ దానికి చాలా అక్షరాలు కావాలి. కలమళ్ల రాతిలో ఇప్పుడు మన వర్ణమాలలో లేని పాత ‘ఴ’ ఉంది. నన్నయగారి నాటికే అది వాడుకలోంచి పోయింది. కాబట్టి రాయి ఆయనకంటే ముందుదని ధైర్యంగా అనవచ్చు. ఎంత ముందు? అక్కడే చిక్కు. కాలంతో పాటు రూపం మారే అక్షరాలు కొన్నే ఉంటాయి. ముప్ఫై పంక్తుల శాసనంలో అవన్నీ పదేసిసార్లు కనబడి ఒకదానికొకటి సాక్ష్యం చెబుతాయి. మూడు పంక్తుల్లో ఒకటి వస్తే వస్తుంది, లేకపోతే లేదు. పైగా ముసలి శిల్పి తాను చిన్నప్పుడు నేర్చుకున్న రూపమే చెక్కుతాడు. మన అమ్మమ్మల ఉత్తరాలు గుర్తు తెచ్చుకోండి, ఎన్నేళ్లొచ్చినా బళ్లో దిద్దిన వంపులే! అక్షరాన్ని చూసి మనం పట్టుకునేది రాసిన ఏడు కాదు, నేర్చుకున్న కాలం. మధ్యలో యాభై ఏళ్లు అటూ ఇటూ అయినా అడిగేవాళ్లు లేరు.

ఇక మూడోది, ఆ రాత ఏ పని కోసం పుట్టిందన్న సంగతి. హైదరాబాదు దగ్గర కీసరగుట్ట బండ మీద ‘తొలచువాన్డ్రు’ అని చదివిన ఒకే ఒక మాట ఉంది. విష్ణుకుండినుల నాటిదంటారు. ఇక్కడ భాషకు ఢోకా లేదు. ‘తొలుచు’ మనదే, ‘వాండ్రు’ మనదే. రాయి తొలిచేవాళ్లు అని అర్థం. సరే, ఏమిటది? పని చేసినవాళ్ల సంతకమా? వాళ్లుండే చోటికి గుర్తా? ఒక కులవృత్తి బిరుదా? పని మధ్యలో ఎవరో సరదాగా గీకిందా? మాట అర్థమైంది, రాత మాత్రం అర్థం కాలేదు.

దీని పక్కన కమలాపురం మండలం ఎర్రగుడిపాడు శాసనాన్ని పెట్టి చూడండి. అదీ చిన్నదే. కానీ అందులో ‘పన్నస’ అనే మాట ఉంది, అంటే దానమిచ్చిన భూమి. ‘ఇచ్చిన’ అనే క్రియ ఉంది. ఇచ్చినవాడు, పుచ్చుకున్నవాడు, పైగా సాక్షులు ఉన్నారు. కాబట్టి దాన్ని దానశాసనమని కళ్లు మూసుకుని అనవచ్చు. ఒక చిన్న రాత తేలిందంటే ఇలాంటి పనిచెప్పే మాటలు అదృష్టవశాత్తు మిగిలాయన్నమాట. అవే అరిగిపోయి రాజు పేరు ఒక్కటే మిగిలి ఉంటే? దానమో, వీరుడి స్మారకమో, సరిహద్దు రాయో ఎవరు చెప్పగలరు?

అందుకని నేనొక పరీక్ష చెబుతాను. ఎవరైనా ఒక చిన్న రాతకు జాతి నిర్ణయించి చెబితే, అందులో ఒక్క అక్షరం వేరుగా చదివి చూడండి. తీర్పు తారుమారైతే అది తీర్పు కాదు, ఊహ. ముప్ఫై పంక్తుల శాసనంలో ఒక అక్షరం కాదు, ఒక పంక్తి తప్పు చదివినా అది దానశాసనంగానే ఉంటుంది. ‘నాగబు’లో ఒక అక్షరం కలిపితే భాషే మారిపోతుంది!

‘ఇలా అయితే పని జరిగేదెట్లాగమ్మా? పట్టికలో ఏదో ఒకటి రాయాలి కదా’ అని గదమాయిస్తారు. రాయండి, వద్దన్నదెవరు? ‘తేలలేదు’ అని రాయండి. ఆ మాట రాయడానికి ఏమిటంత నామోషీ? 2008లో తెలుగుకు ప్రాచీన భాష హోదా వచ్చింది. దానికి పదిహేను వందల ఏళ్ల పాతదనం చూపించాలన్న నియమం ఉండేది. అప్పటినుంచి పాత మాట దొరికితే చాలు, గబగబా తెలుగు ముద్ర వేసి వయసు పెంచేయాలన్న ఆరాటం ఎక్కువైంది. పెళ్లి చూపుల్లో పిల్ల వయసు తగ్గించి చెప్పినట్టు ఇక్కడ పెంచి చెబుతారు, అంతే తేడా.

ముద్ర తప్పయితే ఏం కొంప మునిగింది అంటారా? మునుగుతుంది, నిజంగానే మునుగుతుంది. గండికోట జలాశయంలో నీళ్లు నింపినప్పుడు 2020లో మా మండలంలోని తాళ్ళప్రొద్దుటూరు ముంపులో పోయింది. ఊళ్లు ఖాళీ చేసేటప్పుడు జనం దేవుళ్లను తీసుకుపోతారు, ద్వారబంధాలు ఊడదీసుకుపోతారు. రచ్చబండ పక్కన పాతిన మూడు పంక్తుల రాయిని ఎవరు పట్టించుకుంటారు? పట్టికలో ‘సామాన్య దానశాసనం, అరిగినది’ అని ఉంటే ఇంకా నిశ్చింత. నకలు ఉంది కదా, చాలు అంటారు.

చాలదు. పెద్ద శాసనాన్ని ఎక్కడికి మోసుకుపోయినా తన ఊరు, రాజు, పొలం హద్దులు తానే చెప్పుకుంటుంది. చిన్న రాయి అలా చెప్పుకోలేదు. ఏ గుడికి ఎటువైపు నిలబడింది, పొలం గట్టు మీద ఉందా, చెరువు తూము దగ్గర ఉందా, పక్కన కత్తి పట్టిన వీరుడి బొమ్మ ఉందా అన్నదే దాని సగం వాక్యం. చోటు మార్చిన రోజున ఆ సగం చెరిగిపోతుంది. మిగిలిన సగం పాతసామాన్ల కొట్లో గిన్నె లాంటిది. అందుకే చిన్న రాతకు ముందు కావలసింది జాతి పేరు కాదు. ఎక్కడుంది, ఏ దిక్కుకు తిరిగి ఉంది, చుట్టూ ఏముంది, ఎన్ని అక్షరాలు నిజంగా కనిపిస్తున్నాయి, ఎన్ని మనం పూరించుకున్నాం అన్న లెక్క. ఆ లెక్క రాసిపెడితే రేపు పక్క ఊళ్లో ఒక పెద్ద రాగిరేకు దొరికినప్పుడు ఈ చిన్న రాయికి నోరు వస్తుంది, మాలెపాడు వల్ల కలమళ్లకు వచ్చినట్టు.

అందాకా దయచేసి ముద్రలు వేయడం ఆపండి బాబూ. ఇంకో చిన్న పని మన చేతిలో కూడా ఉంది. మీ ఊరి గుడికి ఈసారి సున్నం కొట్టించేటప్పుడు, నాలుగు అక్షరాలున్న ఏ రాయినైనా ‘ఆ, ఏదో దానశాసనంలే’ అని మేస్త్రీ మెట్టు కింద వేయబోతే, ‘నీకెవరు చెప్పారు?’ అని గట్టిగా అడగండి.