చిన్నక్షరాల్లో మారిపోయిన యాభై రూపాయలు

‘అయిదు నిమిషాల్లో ఆటో, లేదంటే 50 రూపాయలు.’ బెంగళూరు కేంద్రంగా నడిచే ర్యాపిడో సంస్థ తన ప్రకటనల్లో పెద్దక్షరాలతో చెప్పిన మాట ఇది. 120కి పైగా నగరాల్లో, పలు ప్రాంతీయ భాషల్లో, 548 రోజులపాటు ఈ ప్రకటనలు నడిచాయి. 2025 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇవి తప్పుదోవ పట్టించేవని తేల్చి, కంపెనీకి 10 లక్షల రూపాయల జరిమానా వేసింది. ప్రకటనలు వెంటనే ఆపాలని, 50 రూపాయలు రావాల్సి ఉండి రానివారందరికీ ఆ డబ్బు చెల్లించాలని ఆదేశించింది.

షరతులు రాయలేదన్నది ఇక్కడ గొడవ కాదు. రాశారు. ఎక్కడ రాశారు, ఏమని రాశారు అన్నదే గొడవ.

ఆ షరతులను ఒక్కొక్కటిగా విప్పి చూస్తే సంగతి తెలుస్తుంది. పైన ‘50 రూపాయలు’ అని ఉంటే, కింద అది ‘50 రూపాయల వరకు’ అయింది. అంటే పది వచ్చినా, అయిదు వచ్చినా కంపెనీ మాట తప్పినట్టు కాదు. పైన రూపాయలు, కింద ‘ర్యాపిడో కాయిన్లు’. వాటిని చేతిలోకి తీసుకోలేం, కూరగాయల బండి దగ్గర ఇవ్వలేం. పైగా అవి బైక్ ప్రయాణాలకే చెల్లుతాయి. ఆటో దొరకలేదని పరిహారం అందుకున్న మనిషి, పక్కన పిల్లనో పెద్దావిడనో కూర్చోబెట్టుకుని వెళ్లాల్సినవాడైతే, ఆ కాయిన్లతో చేసేదేముంది? అవైనా ఏడు రోజులే బతుకుతాయి. వారంలోగా మళ్లీ బైక్ ఎక్కకపోతే అవి చెల్లవు. వీటన్నిటికీ తోడు, హామీ ఇస్తున్నది కంపెనీ కాదని, ఆటో నడిపే కెప్టెన్లని షరతుల్లో మరో మాట ఉంది. ప్రకటన వేయించుకున్నది కంపెనీ, బాధ్యత మాత్రం డ్రైవరుది! ఇదంతా కంటికి ఆననంత చిన్న అక్షరాల్లో ఉంది.

విడివిడిగా చూస్తే వీటిలో కొన్ని షరతులు పెట్టుకోదగ్గవే. వాపసు సొమ్ము వాలెట్‌లో జమచేయడం, దానికి గడువు పెట్టడం వ్యాపారంలో ఉన్నదే. అన్నీ కలిపి చదివినప్పుడు పైన చెప్పిన మాటే మిగలలేదు. అసలు తప్పు అక్కడుంది.

ఈ తేడాను కొలవడానికి చట్టం దగ్గర ఒక గీటురాయి ఉంది. తప్పుదోవ పట్టించే ప్రకటనల నివారణకు 2022 జూన్‌లో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం, షరతు అనేది హామీని వివరించవచ్చు, సందేహం తీర్చవచ్చు, కొంత పరిమితం చేయవచ్చు. ప్రధాన సందేశానికి ఎదురు మాత్రం నిలవకూడదు. ముఖ్యమైన సమాచారాన్ని దాచడానికి గానీ, పైన చెప్పిన తప్పును కింద దిద్దుకోవడానికి గానీ దాన్ని వాడకూడదు. ‘ఆదివారాలు వర్తించదు’ అన్నది పరిమితి. ‘రూపాయలంటే రూపాయలు కావు’ అన్నది ఎదురుమాట.

అదే నిబంధనల్లో బెంగళూరు లాంటి నగరానికి బాగా పనికొచ్చే మాట ఇంకొకటుంది. హామీ ఏ భాషలో ఉంటే షరతు ఆ భాషలోనే ఉండాలి, అదే ఫాంట్‌లో ఉండాలి. మామూలు చూపున్న మనిషి తగినంత దూరం నుంచి, మామూలు వేగంతో ఒక్కసారి చదివితే కనిపించాలి. కన్నడ, తెలుగు, తమిళం, హిందీ, ఇంగ్లిషు ఒకే రోడ్డు మీద కలిసే ఊరిది. హోర్డింగు మీద కన్నడంలోనో తెలుగులోనో ఊరించి, మినహాయింపులను అడుగున ఇంగ్లిషు చీమల బారులా పరిస్తే ఈ నిబంధన మీరినట్టే. సిగ్నల్ దగ్గర నిలబడ్డ బండి మీది నుంచి చదవగలమా అన్నది ప్రకటన రాసేవాళ్లు వేసుకోవాల్సిన మొదటి ప్రశ్న.

గడువు రాయడంలో దొర్లే పొరపాటు ఇంకా సూక్ష్మమైనది. ‘ఏడు రోజులు’ అంటే ఎప్పటి నుంచి? కాయిన్లు జమయిన క్షణం నుంచా, మర్నాటి నుంచా? చట్టాల్లో ‘నుంచి’ అన్న మాటతో రోజులు లెక్కపెట్టేటప్పుడు మొదటి రోజును వదిలేయాలని 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం చెబుతుంది. కానీ అది చట్టాలను చదివే పద్ధతి. దుకాణం కరపత్రానికి అది దానంతటదే వర్తించదు. అందుకే రోజుల సంఖ్య కాకుండా తేదీ, వేళ రాయడం మేలు: ‘ఆగస్టు 31 రాత్రి 11.59 వరకు’. అదీ సగమే. ఆ వేళకు ఆర్డరు పెట్టి ఉంటే చాలా, డబ్బు కట్టి ఉండాలా, సరుకు చేతికి అంది ఉండాలా అన్నది కూడా తేలాలి. చివరి రోజు ఆర్డరు పెడితే బట్వాడా మరో నాలుగు రోజులకు వస్తుంది. తగాదాలు పుట్టేది ఆ నాలుగు రోజుల్లోనే.

ఇక ‘స్టాక్ ఉన్నంత వరకే’ అన్న మాట. ఆషాఢం సేల్ పోస్టర్లలో తెలుగువాళ్లంతా చూసినదే. ఆ ఒక్క మాట రాస్తే చాలనుకుంటారు వ్యాపారులు. 2022 మార్గదర్శకాల్లో ‘ఎర ప్రకటన’ అన్న విభాగం అంతకంటే ఎక్కువే అడుగుతుంది. చెప్పిన ధరకు అమ్మగలమన్న సమంజసమైన నమ్మకం ఉండాలి, ఊహించదగ్గ గిరాకీకి సరిపడా సరుకు ఉండాలి, గిరాకీ మించేలా ఉంటే నిల్వ పరిమితమని స్పష్టంగా చెప్పాలి. ఎక్కడెక్కడ దొరుకుతుందో, ఎవరికి వర్తిస్తుందో దాచకూడదు. చిక్‌పేటలో ఒక చీరల దుకాణం 40 చీరలను సగం ధరకు అమ్మదలచిందనుకుందాం. నగరమంతా పోస్టర్లు వేసి ‘స్టాక్ ఉన్నంత వరకే’ అని ఊరుకుంటే, పొద్దున పదింటికే అవి అయిపోతాయి. వైట్‌ఫీల్డ్ నుంచి బస్సెక్కి వచ్చినావిడ ఒట్టి చేతులతో తిరిగెళ్లాలి, లేదా పూర్తి ధర పెట్టి వేరే చీర కొనాలి. ‘ఈ ధరకు 40 చీరలు, చిక్‌పేట శాఖలోనే, బిల్లుకు ఒకటి’ అని ధర పక్కనే రాస్తే ఆవిడ బయల్దేరాలో లేదో ఇంట్లోనే తేల్చుకుంటుంది. అంకె రాయడానికి వెనకాడే దుకాణదారుడికి ఆ అంకె ఎంత చిన్నదో ముందే తెలుసన్నమాట.

ఎక్కువ సరుకున్నా కొద్దిగానే ఉందని చెప్పడం దీనికి తిరగేసిన మోసం. ‘రెండే మిగిలాయి’ అని లేని కొరతను చూపించి తొందరపెట్టడాన్ని 2023 నవంబరులో వచ్చిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాలు నిషేధించాయి.

పరిమితిని సరిగా రాయడం అమ్మేవాడికీ రక్షణే. 1992లో బ్రిటన్‌లో హూవర్ కంపెనీ వంద పౌండ్ల సరుకు కొంటే రెండు విమాన టిక్కెట్లు ఉచితమంది. ఇన్ని టిక్కెట్లే అని హద్దు గీయలేదు. ఫారాలు, గడువుల చిక్కులకు జడిసి చాలామంది వదిలేస్తారని లెక్కవేసింది. జనం వదల్లేదు. దాదాపు 5 కోట్ల పౌండ్ల భారం పడింది, కోర్టు కేసులు ఏళ్లతరబడి నడిచాయి, 1995లో ఐరోపా వ్యాపారమే చేతులు మారింది. కొనేవాడు షరతు చదవడన్న ధీమాతో రాసిన ప్రకటన రాసినవాడినే ముంచింది.

ర్యాపిడో ప్రకటనను నిజాయితీగా ఒక్క వాక్యంలో రాయొచ్చు: ‘అయిదు నిమిషాల్లో ఆటో రాకపోతే 50 రూపాయల వరకు విలువైన కాయిన్లు ఇస్తాం, ఏడు రోజుల్లోగా బైక్ ప్రయాణానికి వాడుకోవచ్చు.’ ఇలా రాస్తే ఆకర్షణ తగ్గుతుందనే మాట నిజమే. తగ్గిన ఆ ఆకర్షణే ఆ ఆఫర్ అసలు విలువ. మిగతాదంతా అక్షరాల సైజు తెచ్చిపెట్టింది.

ఆఫర్ చూసి కొనేవాళ్లు ఒక్క పని చేయాలి. ప్రకటననూ, షరతుల పేజీనీ తేదీ కనిపించేలా ఫొటో తీసి ఉంచుకోవాలి. ఎందుకంటే గడువు ముగిసిన మర్నాడు ఆ పేజీ అక్కడ ఉండకపోవచ్చు. మాట తప్పితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.