నొప్పి పోయింది, చీము మిగిలింది

1865వ సంవత్సరం ఆగస్టు 12. స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నగరంలో జేమ్స్ గ్రీన్‌లీస్ అనే పదకొండేళ్ళ బాలుని ఎడమ కాలి మీదుగా ఒక ఖాళీ బండి చక్రం దొర్లిపోయింది. మోకాలికి, చీలమండకు నడుమ ఎముక విరిగింది. అంతటితో ఆగలేదు. చర్మం కూడా చీలి, అంగుళంన్నర పొడవున, ముప్పావు అంగుళం వెడల్పున గాయం తెరుచుకున్నది. ఆ గాయంలో సన్నని లోహపు పుల్లను పెట్టి చూస్తే, అది చర్మం కింద విరిగిన చోటును దాటి మరికొన్ని అంగుళాలు లోపలికి పోయింది. బాలుణ్ణి ఆ నగరంలోని రాయల్ ఇన్‌ఫర్మరీ అనే పెద్ద ఆసుపత్రికి చేర్చారు.

నేటి పాఠకులకు ఇది పెద్ద ప్రమాదంగా తోచకపోవచ్చు. ఆనాటి వైద్యులకు మాత్రం దీని అర్థం వేరు. చర్మం చెక్కుచెదరకుండా లోపల ఎముక మాత్రమే విరిగితే, బద్దలు కట్టి పడుకోబెట్టేవారు, కొన్ని వారాలలో అతుక్కునేది. చర్మం చీలి, ఎముకకు బయటి గాలి తగిలిందంటే, చాలా సందర్భాలలో కాలు తీసివేయడమే మార్గమని భావించేవారు. తీయకపోతే గాయం కుళ్ళి, ఆ విషం ఒళ్ళంతా పాకి ప్రాణం పోతుందని వారి అనుభవం. అలాగని కాలు తీస్తే ప్రాణం దక్కుతుందన్న భరోసా కూడా లేదు. కోసిన చోటు సైతం కుళ్ళేది.

అప్పటికి మత్తుమందు వచ్చి పందొమ్మిదేళ్ళు గడిచిపోయాయి గదా, మరి ఈ భయమెందుకని మీకు సందేహం కలుగవచ్చు. మేము చెప్పదలచినది ఆ విషయమే.

1846 అక్టోబరు 16న అమెరికాలోని బోస్టన్ నగరంలో విలియం మోర్టన్ అనే దంతవైద్యుడు ఒక రోగిచేత ఈథర్ ఆవిరి పీల్పించగా, వారెన్ అనే శస్త్రవైద్యుడు అతని మెడలోని గడ్డను కోశారు. ఆ వార్త ఓడలలో సముద్రం దాటింది. అదే ఏడు డిసెంబరులో లండన్‌లో రాబర్ట్ లిస్టన్ ఒక రోగి తొడను ఈథర్ మత్తులో అర నిమిషం లోపలే కోసివేశారు. మెలకువ వచ్చిన ఆ రోగి, ఆపరేషన్ ఎప్పుడు మొదలుపెడతారని అడిగాడని చెబుతారు. అర నిమిషం అన్న మాటను గమనించండి. మత్తు లేని రోజులలో రోగిని నలుగురు అదిమి పట్టుకొనేవారు. చేతివేగమే శస్త్రవైద్యుని ప్రతిభకు కొలమానం. 1847 నవంబరులో ఎడిన్‌బరోలో జేమ్స్ సింప్సన్ క్లోరోఫామ్‌ను ప్రయోగించి చూశారు. ఈథర్ కన్నా అది త్వరగా పనిచేసేది, కొద్ది మోతాదు చాలేది.

అయితే క్లోరోఫామ్‌కు తనదైన అపాయం ఒకటున్నది. కాలి గోరు తీయించుకోవడానికి వచ్చిన హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ళ బాలిక 1848 జనవరిలో ఇంగ్లండులో ఆ మత్తులోనే కన్నుమూసింది. ఇటువంటి మరణాలలో ముందుగా ఆగేది శ్వాసా, గుండెా అన్న వివాదం అర్ధ శతాబ్దానికి పైగా సాగింది. ఆ వివాదంలో మన హైదరాబాదుకూ పాత్ర ఉన్నది. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ధనసహాయంతో 1888లోనూ, 1889లోనూ ఇక్కడ రెండు క్లోరోఫామ్ కమిషన్లు పనిచేశాయి. రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ వాటికి ఆద్యుడు. రెండవ కమిషన్‌కు లండన్ వైద్యపత్రిక లాన్సెట్ తరఫున లాడర్ బ్రంటన్ వచ్చారు. జంతువులపై వందల ప్రయోగాలు చేసి, ముందు ఆగేది శ్వాసే, కనుక నాడిని కాక ఊపిరిని కనిపెట్టి చూడండి అని వారు తేల్చారు. అందులో సగమే నిజం. మోతాదు మితిమీరినప్పుడు శ్వాస మందగించి ఆగుతుంది, వారన్నట్లే. కానీ మత్తు పలుచగా ఉన్నప్పుడు, ముఖ్యంగా రోగి బెదిరి ఉన్నప్పుడు, గుండె హఠాత్తుగా లయ తప్పి ఆగిపోగలదని 1911లో లెవీ అనే పరిశోధకుడు నిరూపించారు. కాలి గోరు కోసం వచ్చిన ఆ బాలికను తలచుకుంటే, బెదురు అన్న మాట మాకు బరువుగా తోస్తుంది.

మళ్ళీ గ్లాస్గోకు వద్దాం. నొప్పి తొలగడంతో రోగులు ఆపరేషన్లకు ఒప్పుకోసాగారు. శస్త్రవైద్యులకు వేగం అవసరం తగ్గింది, ఇంకా లోతుగా, ఇంకా సేపు కోయగలిగారు. చేతులు మాత్రం పాత చేతులే. ఎండిన రక్తపు మరకలున్న పాత కోటునే ఆపరేషన్‌కు తొడుక్కునేవారు. కత్తిని తుడిచేవారే గాని మరిగించేవారు కాదు. ఒకే స్పంజి ఒక రోగి పుండు నుండి మరొక రోగి పుండుకు ప్రయాణించేది. ఇది అశ్రద్ధ అని ఎవరికీ అనిపించలేదు. కుళ్ళుకు కారణం ఆసుపత్రిలోని చెడుగాలి అని వారి నమ్మకం. చిక్కని తెల్లని చీము పట్టడం గాయం మానుతున్నదనడానికి శుభసూచకమని కూడా చాలామంది తలచేవారు.

చెడుగాలి వాదానికి రాయల్ ఇన్‌ఫర్మరీలో ఆధారం కూడా దొరికింది. 1861లో కొత్త శస్త్రచికిత్స విభాగం తెరిచినా, దాని కింది అంతస్తు వార్డులలో కుళ్ళు రోగాలు తగ్గలేదు. తవ్వి చూస్తే, గోడ పక్కనే 1849 కలరాలో చనిపోయినవారి శవపేటికలు ఒకదానిపై ఒకటిగా పేర్చి ఉన్నాయి. పై వరుస నేలకు కొన్ని అంగుళాల దిగువనే ఉన్నది.

ఆ వార్డుల బాధ్యత జోసెఫ్ లిస్టర్‌ది. ఆయన బుద్ధి ఒక చిన్న ప్రశ్న దగ్గర ఆగింది. ఎముక అదే, విరుపు అదే, రోగి పీల్చే గాలీ అదే. మరి చర్మం చెదరనప్పుడు కుళ్ళనిది, చీలినప్పుడు ఎందుకు కుళ్ళుతున్నది? 1865లో రసాయనశాస్త్ర ఆచార్యుడు థామస్ ఆండర్సన్ ఆయనకు ఫ్రాన్సుకు చెందిన లూయీ పాశ్చర్ రచనలను చూపించారు. పదార్థాలు పులియడానికి, కుళ్ళడానికి కారణం గాలి కాదు, గాలిలో తేలే దుమ్ముతో వచ్చే సూక్ష్మజీవులని పాశ్చర్ చెప్పారు. అలాగైతే గాలిని ఆపనక్కరలేదు, గాయంలో చేరిన జీవులను చంపితే చాలు. పాశ్చర్ వాడిన మార్గాలలో ఒకటి వేడి, మనిషి మాంసాన్ని మరిగించలేము. కనుక ఏదైనా మందు కావాలి. కార్లైల్ పట్టణంలో మురుగునీటిలో కార్బాలిక్ ఆమ్లం కలిపితే దుర్వాసన పోయిందనీ, ఆ నీరు పారిన గడ్డి మేసిన పశువులకు పరాన్నజీవుల బాధ తొలగిందనీ లిస్టర్ చదివి ఉన్నారు. అది బొగ్గు తారు నుండి తీసే ఘాటైన ద్రవం. మార్చిలో ఒక కాలి గాయంపై వాడి చూశారు. అది విఫలమైంది. మందుది తప్పు కాదు, తాము సరిగా వాడకపోవడమే కారణమని ఆయన తరువాత రాశారు.

ఆగస్టులో జేమ్స్ వచ్చాడు. లిస్టర్ ఆదేశాల మేరకు ఆయన సహాయక వైద్యుడు కార్బాలిక్ ఆమ్లంలో ముంచిన మెత్తని గుడ్డను గాయంపై పరిచి, దూది పరిచిన అట్టబద్దలను రెండు వైపులా కట్టారు. మోకాలు వంచి, కాలు బయటి వైపుకు ఆనేలా పడుకోబెట్టారు. నాలుగు రోజులు ఎవరూ కట్టును ముట్టలేదు.

నాలుగో రోజున బాలుడు కాస్త బాధగా ఉందన్నాడు. అది కీలకమైన ఘడియ. కుళ్ళు పట్టి ఉంటే ఈపాటికి వాపు, దుర్వాసన, చీము కనిపించాలి. లిస్టర్ లోపలి బద్దను విప్పి చూశారు. చీము లేదు. గాయం అంచున చర్మం మాత్రం కొద్దిగా ఎర్రబడి ఉన్నది. కొద్దిపాటి ఆమ్లం కలిపిన నీటిలో తడిపిన గుడ్డను ఐదు రోజులు వాడారు. బాధా పోయింది, ఎరుపూ పోయింది. అయితే మందు ఘాటుకు చుట్టూ చర్మం ఒరుసుకుపోయింది. అప్పుడు నీటిని మాని, ఒక పాలు ఆమ్లానికి పది నుండి ఇరవై పాళ్ళు ఆలివ్ నూనె, అంటే మన జైతూన్ నూనె, కలిపి నాలుగు రోజులు పట్టించారు. పుండు పైపొరలో కొద్దిగా చీమువంటిది కనిపించింది గాని, చర్మం అడుగు నుండి ఒక్క బొట్టు రాలేదు. ప్రమాదం జరిగిన ఆరు వారాలకు ఎముకలు గట్టిగా అతుక్కున్నాయని తేలింది. బద్దలు తీసివేశారు. మరి రెండు రోజులకు పుండు పూర్తిగా మానింది. బాలుడు తన రెండు కాళ్ళతోనే ఇంటికి వెళ్ళాడు.

ఒక్క బాలుడు కోలుకుంటే అది అదృష్టం కావచ్చు. లిస్టర్ 1867లో లాన్సెట్‌లో ప్రకటించిన మొదటి పదకొండు కేసులలో ఒకరు మరణించారు, ఒకరికి కాలు తీయవలసి వచ్చింది, తొమ్మిది మంది అవయవంతోనే బ్రతికారు. అవయవం తీసివేసిన ఆపరేషన్ల లెక్క మరింత స్పష్టమైనది. కొత్త పద్ధతి లేని 1864, 1866 సంవత్సరాలలో ఆయన చూసిన 35 మందిలో 16 మంది మరణించారు. కొత్త పద్ధతి అమలైన 1867-69 మధ్య 40 మందిలో ఆరుగురు మరణించారు.

ఈ లెక్కను తోసిపుచ్చినవారిలో క్లోరోఫామ్ తెచ్చిన సింప్సనే ఉండటం విచిత్రం. ఆయన దగ్గరా ఒక లెక్క ఉన్నది, అదీ బలమైనదే. పెద్ద ఆసుపత్రులలో అవయవం తీయించుకున్న 2,089 మందిలో 855 మంది మరణించగా, పల్లెలలో, ఇళ్ళలో తీయించుకున్న 2,098 మందిలో 226 మందే మరణించారని 1869లో ఆయన చూపించారు. గుడిసెలో కన్నా ఆసుపత్రిలో చావు దాదాపు నాలుగు రెట్లు. కనుక లోపం భవనంలోనే ఉన్నది, పెద్ద ఆసుపత్రుల స్థానంలో చిన్న చిన్న ఇనుప కట్టడాలు వేయండి, పాతబడగానే కూల్చి మళ్ళీ కట్టండి అన్నారు. గుంపు ఎక్కువైన చోట మరణం ఎక్కువన్న ఆయన పరిశీలన సరైనదే. కాని పడక నుండి పడకకు విషాన్ని మోస్తున్నది భవనమా, వైద్యుని వేళ్ళా, స్పంజా అన్నది ఆయన అడగలేదు. లిస్టర్ 1870లో తన వార్డుల గురించే రాశారు. ఆ శవపేటికల పొరుగున, అవే గోడల మధ్య, గాయాల చికిత్స ఒక్కటి మారడంతో ఆ వార్డులు ఆరోగ్యవంతమయ్యాయని చూపారు. సింప్సన్ ఆ ఏడు మే నెలలోనే మరణించారు.

లిస్టర్ మాత్రం పొరపాట్లకు అతీతులు కారు. సూక్ష్మజీవులు గాలి నుండే ఎక్కువగా వస్తాయని తలచి, 1871 నుండి ఆపరేషన్ గదిలో కార్బాలిక్ ఆమ్లాన్ని తుంపరలుగా చిమ్మించారు. వైద్యుల చేతులు పగిలేవి, ఊపిరి ఆడేది కాదు. అసలు ముప్పు గాలిలో కన్నా చేతులలో, పనిముట్లలో, గుడ్డలలో ఎక్కువగా ఉన్నదని క్రమంగా తేలింది. 1890లో బెర్లిన్‌లో జరిగిన వైద్యుల సభలో, ఆ తుంపరను ఎన్నడైనా సిఫారసు చేసినందుకు సిగ్గుపడుతున్నానని ఆయనే చెప్పారు. ఆనాటికి జర్మనీ ఆసుపత్రులు గుడ్డలను, పనిముట్లను ఆవిరిలో ఉడికించడం మొదలుపెట్టాయి. గాయంలో చేరిన జీవులను చంపే పని, గాయం దగ్గరికే వాటిని రానివ్వని పనిగా మారింది.