కంతు చూసి కారు కొనకండి

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో కారు కొనాలని చూస్తున్న కుటుంబాలకు ఒక మాట. సంతకం పెట్టే ముందు ఒక్క సాయంత్రం ఆగండి. ఇంట్లో అందరూ కూర్చుని ఐదేళ్ల లెక్క వేయండి. షోరూములో మీకు చెప్పేది నెల కంతు ఒక్కటే. కారు మీ దగ్గర గుంజుకునేది దానికంటే చాలా ఎక్కువ.

ఒక మామూలు పెట్రోలు కారు తీసుకుందాం. షోరూము ధర 8.4 లక్షలు. లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్సు, రిజిస్ట్రేషన్ కలిపి రోడ్డెక్కేసరికి 10 లక్షలు. చేతి నుంచి 2 లక్షలు కట్టి, మిగతా 8 లక్షలు 9.5 శాతం వడ్డీకి ఐదేళ్ల అప్పు తీసుకున్నారనుకోండి. నెలకు 16,800 కంతు. ఐదేళ్లలో వడ్డీ ఒక్కటే 2.08 లక్షలు.

ఇక పెట్రోలు. తిరుపతికో బెంగళూరుకో అప్పుడప్పుడూ వెళ్లొస్తూ, ఊళ్లో తిరుగుతూ ఉంటే నెలకు వెయ్యి కిలోమీటర్లు ఇట్టే అయిపోతాయి. మన ఘాట్లలో, ఊరి ట్రాఫిక్‌లో లీటరుకు 16 కిలోమీటర్లు వస్తే మంచిదే. లీటరు 109 రూపాయల లెక్కన నెలకు 6,800, ఐదేళ్లకు 4.09 లక్షలు. కర్ణాటకలో లీటరు ఐదారు రూపాయలు తక్కువని సరిహద్దు దాటి పోయించుకునేవాళ్లు మన దగ్గర చాలామంది. పనిమీద అటు వెళ్లినప్పుడు పోయించుకోండి, తప్పులేదు. దానికోసమే వెళ్లకండి. 35 లీటర్ల ట్యాంకు నింపితే మిగిలేది రెండు వందలు. రానూపోనూ ముప్పై కిలోమీటర్లు తిరిగితే ఆ రెండు వందలూ దారిలోనే కాలిపోతాయి.

రెండో ఏడాది నుంచి ఇన్సూరెన్సుకు నాలుగేళ్లలో 60 వేలు పక్కన పెట్టుకోండి. సర్వీసింగు, ఒక సెట్టు టైర్లు, ఒక బ్యాటరీ కలిపి ఇంకో 80 వేలు. ఇవన్నీ కలిపి నెలకు పంచితే జేబులోంచి పోయేది 16,800 కాదు, దాదాపు 26,000.

ఐదేళ్ల తర్వాత కారును 4.25 లక్షలకు అమ్మారనుకుందాం. మొత్తం పెట్టింది 17.57 లక్షలు, తిరిగొచ్చింది 4.25. నికరంగా పోయింది 13.3 లక్షలు. కిలోమీటరుకు 22 రూపాయలు పడింది. నెలకు నాలుగు వందల కిలోమీటర్లే తిరిగే ఇంటికి ఇది ఇంకా ఘోరం. కంతు, ఇన్సూరెన్సు, విలువ తరుగు కారు నిలబడి ఉన్నా ఆగవు కాబట్టి, వాళ్లకు కిలోమీటరు 45 రూపాయల దగ్గర పడుతుంది. అంత తక్కువ తిరిగేవాళ్లు కావలసినప్పుడు అద్దెకు కారు మాట్లాడుకుంటేనే మేలు. ఇందులో చిన్నతనం ఏమీ లేదు.

అమ్మకపు ధర మీ చేతిలో లేదని కూడా గుర్తుంచుకోండి. కట్టిన లైఫ్ ట్యాక్స్‌ను సెకండ్ హ్యాండ్‌లో కొనేవాడు లెక్కలోకి తీసుకోడు. 2025 సెప్టెంబరు 22న చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గింది. కొత్త కారు కొనేవాళ్లకు అది శుభవార్త. అప్పటికే కొన్నవాళ్లకు మాత్రం ఇంటిముందున్న బండి విలువ కూడా దాంతోపాటే దిగింది. అందుకే అమ్మితే ఎంతొస్తుందో ఊహించేటప్పుడు చెయ్యి వెనక్కి లాగి రాసుకోండి.

అన్నిటికంటే నన్ను భయపెడుతున్నది ఏడేళ్ల అప్పు. కంతు 13,075కు దిగుతుంది కనుక అది సులువుగా కనిపిస్తుంది. వడ్డీ దాదాపు 3 లక్షలకు చేరుతుంది. ఐదేళ్లకు కారు అమ్ముదామంటే ఇంకా 2.85 లక్షల బాకీ ఉంటుంది. 4.25 లక్షలు వస్తే అందులోంచి అది పోగా మీకు మిగిలేది లక్షా నలభై వేలు. ఇంకో ప్రమాదం కూడా ఉంది. మూడేళ్లు దాటిన కారుకు ఇన్సూరెన్సు వాళ్లు షోరూము ధరలో 40 శాతం తరుగు తీసి విలువ కడతారు. మన కారుకు అది 5.04 లక్షలు. మూడేళ్లు నిండేనాటికి ఏడేళ్ల అప్పులో బాకీ 5.2 లక్షలు. అప్పుడు బండి పూర్తిగా నుజ్జయితే వచ్చిన డబ్బంతా బ్యాంకుకు పోయినా అప్పు తీరదు. కారూ ఉండదు, కంతూ ఆగదు.

ఫ్లాట్ వడ్డీ అన్న మాట వినబడితే వెంటనే ఆగండి. 6.5 శాతమే అంటారు. తీర్చిన అసలు మీద కూడా చివరిదాకా వడ్డీ వేస్తారు. 8 లక్షలకు ఐదేళ్లలో 2.6 లక్షల వడ్డీ, అంటే బ్యాంకు లెక్కలో దాదాపు 11.7 శాతం. ఏ రేటు చెప్పినా సరే, మొత్తం కట్టేది ఎంతో రూపాయల్లో కాగితం మీద రాసివ్వమనండి.

మన ప్రాంతంలో ఇంకో చిక్కు ఉంది. కంతు నెలనెలా వస్తుంది, మన రాబడి అలా రాదు. 2023 జులైలో మదనపల్లె యార్డులో టమాట కిలో వంద దాటి ఎక్కడికో వెళ్లింది. ఆ ఊపులో ఎన్ని ఇళ్లకు ఆశ పుట్టిందో అందరం చూశాం. రెండు నెలలు తిరక్కముందే రేటు కుప్పకూలింది. ఒక్క పంట డబ్బు చూసి అరవై నెలల అప్పు నెత్తికెత్తుకోకండి అయ్యా. పాల బిల్లు మీద బతికే ఇల్లయితే పశువు ఎండిపోయే నెలలు కూడా లెక్కలో వేయండి. సేద్యం చేసేవాళ్లు ఆరు నెలలకోసారి కట్టే వీలుందేమో బ్యాంకులో అడగండి, అడిగితే పోయేదేమీ లేదు.

కంతు కట్టలేక బాడుగలకు తిప్పుదామనే ఆలోచన వస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. సొంత వాడకానికి రిజిస్టరైన బండిలో డబ్బులు తీసుకుని మనుషుల్ని ఎక్కిస్తే, దారిలో ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్సు కంపెనీ క్లెయిం కాదనే అవకాశం ఉంది. ఇన్సూరెన్సు రెన్యువల్ ఈ నెల కాదు వచ్చే నెల అనుకోవడం కూడా అలాంటిదే. గడువు దాటి తొంభై రోజులైతే క్లెయిం లేనందుకు ఏటేటా పెరిగిన తగ్గింపు మొత్తం పోతుంది.

ఇప్పటికే కారున్నవాళ్లు కొన్ని గుర్తులు చూసుకోండి. పెట్రోలు క్రెడిట్ కార్డు మీద పోయించుకుంటున్నారా? కంతు కోసం నగలు బ్యాంకుకు వెళ్లాయా? అరిగిన టైర్లతోనే ఘాటు ఎక్కుతున్నారా? ఒకటైనా అవునంటే బండికి ఇంకా ధర ఉండగానే అమ్మి అప్పు తీర్చేయండి. ఆలస్యం చేసేకొద్దీ ధర దిగుతుంది, బాకీ మాత్రం అంత వేగంగా దిగదు.

కొనబోయేవాళ్లకు ఒక్క పరీక్ష. ఈ నెల నుంచి ఆరు నెలలు, కారు వచ్చేసినట్టే అనుకుని, నెలకు 26,000 విడిగా ఒక ఖాతాలో వేయండి. ఆరు నెలలూ వేయగలిగితే లక్షన్నర చేతికొస్తుంది, అప్పు ఆ మేరకు తగ్గించుకోండి. మధ్యలో ఒక్క నెల తప్పినా ఈ ఏటికి కారు మాట మానుకోండి.